బిల్లుకు ఎదురుపడ్డ పెద్దాయన

సప్లయర్ పంపిన బిల్లులో అందరూ ముందు చూసేది అడుగున ఉన్న మొత్తం. అకౌంట్స్ పెద్దాయన ముందుగా ఆ చోటునే అరచేత్తో మూసేస్తారు. ఆ అంకె ఒకసారి కంట పడితే, పైనున్నవన్నీ సరిగ్గానే ఉన్నట్టు కనిపిస్తాయని ఆయన అనుమానం. తర్వాత పర్చేజ్ ఆర్డరు, స్టోర్స్ వాళ్లు రాసిన జీఆర్ఎన్, బిల్లు బల్లమీద పక్కపక్కన పరుస్తారు. ఇక టీ గ్లాసుకు చోటుండదు.

హైదరాబాద్ కంపెనీకి విజయవాడ నుంచి పీవీసీ పైపులు వచ్చాయనుకుందాం. బిల్లులో 100 పైపులు, ఒక్కోటి 495 రూపాయలు. 18 శాతం జీఎస్టీతో మొత్తం 58,410. గుణకారం, కూడిక అన్నీ సరిగ్గానే ఉన్నాయి. పెద్దాయనకు అసలు భయం అలాంటి బిల్లులంటేనే.

జీఆర్ఎన్ తిప్పితే వెనక పెన్సిల్ రాత: నాలుగు పగిలాయి, తీసుకున్నవి 96. లారీ దిగినవి కాదు, స్టోర్స్ ఒప్పుకున్నవే లెక్క. ఆర్డరులో రేటు 480. మరి 495 ఎక్కడిది? బిల్లు మీద వేసింది పోయిన ఏడాది ఆర్డరు నంబరు, దాంతోపాటు అప్పటి రేటు కూడా దిగింది. రేటు తేడా వస్తే ఆయన ముందు నంబరే చూస్తారు; సగం తగాదాలు అక్కడే తేలిపోతాయి. సరైన లెక్క 96 పైపులకు 46,080, పన్నుతో 54,374.40. తేడా 4,035.60. ఆ అరవై పైసలు చదివేటప్పుడు ఆయన గొంతు కాస్త పెరుగుతుంది.

పన్ను దగ్గర పట్టుకునేది ఇంకా సూక్ష్మం. సప్లయర్ జీఎస్టీ నంబరు 37తో మొదలవుతుంది, అంటే ఆంధ్రప్రదేశ్. కొన్నవారిది 36, తెలంగాణ. సరుకు రాష్ట్రం దాటింది కాబట్టి 18 శాతం ఐజీఎస్టీ పడాలి. బిల్లులో తొమ్మిది సీజీఎస్టీ, తొమ్మిది ఎస్జీఎస్టీ ఉంది. “రెండూ కలిస్తే పద్దెనిమిదే కదండీ” అంటాడు పర్చేజ్ కుర్రాడు. ఆంధ్రప్రదేశ్ లోపలి అమ్మకంగా చూపి వేసిన ఆ పన్నుకు తెలంగాణలో ఇన్‌పుట్ క్రెడిట్ రాదు నాయనా, అని పెద్దాయన ఎనిమిది వేల పైచిలుకు నష్టం లెక్కేసి చూపిస్తారు. కుర్రాడు క్యాంటీన్ వైపు నడుస్తాడు.

సప్లయర్ ఫోన్ చేసి, “వచ్చే బిల్లులో సర్దేద్దాం సార్” అంటాడు. “సర్దడానికి లెడ్జర్‌లో కాలమ్ లేదండీ” అని జవాబు. పన్ను పద్దే తప్పు కాబట్టి తేడాకు మాత్రమే క్రెడిట్ నోటు ఇస్తే సరిపోదు. పాత బిల్లు మొత్తానికీ క్రెడిట్ నోటు ఇచ్చి, ఐజీఎస్టీతో కొత్త బిల్లు పంపాలి. అది జీఎస్టీఆర్-2బిలో కనిపించేదాకా క్రెడిట్ తీసుకోరు.

ఆయనకూ దొరకనిది ఒకటుంది. బజారులో 440కి దొరికే పైపుకు ఆర్డరులోనే 480 రాసి ఉంటే మూడు కాగితాలూ చక్కగా కలుస్తాయి, ఆయనా చక్కగా సంతకం పెడతారు. అలాంటిది బిల్లులో వెతికితే దొరకదు, కొటేషన్ల ఫైలు తీయాలి. అది పర్చేజ్ వాళ్ల బీరువాలో ఉంటుంది.