సార్ మెచ్చే ట్రాకర్ తయారుచేయడం ఎలా?

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల సాఫ్ట్‌వేర్ కోర్సులు నేర్పే ఏదో ఒక ఇన్‌స్టిట్యూట్‌లో మీకు మార్కెటింగ్ ఉద్యోగం దొరికిందనుకోండి. చేరిన వారంలోపే సార్ పిలిచి, "ప్రకటనలకి ఎంత పోస్తున్నామో, ఏది ఎంత తెస్తోందో ఒక షీట్ చెయ్యి బాబూ" అంటారు. కంగారుపడకండి. మూడేళ్లుగా నేను చేస్తున్నది ఆ పనే. నెలాఖరు మీటింగులో ఒక్కసారి కూడా తిట్లు తినలేదు. ఎలా తినలేదో చెబుతాను, రాసుకోండి.

షీట్ తెరిచి ఎడమ నుంచి ఐదు కాలమ్‌లు పెట్టండి: ఛానల్ పేరు, ఖర్చు, లీడ్లు, అడ్మిషన్లు, ఫీజు. వాటి పక్కన మూడు భాగహారాలు. ఖర్చుని లీడ్లతో భాగిస్తే సీపీఎల్, అంటే ఒక ఫోన్ నంబరు సంపాదించడానికి మనకైన ఖర్చు. అదే ఖర్చుని అడ్మిషన్లతో భాగిస్తే సీపీఏ, ఒక మనిషిని తెచ్చి క్లాసులో కూర్చోబెట్టడానికి అయినది. ఫీజుని ఖర్చుతో భాగిస్తే రోయాస్, పెట్టిన రూపాయి ఎన్ని రూపాయలై తిరిగొచ్చిందో. లెక్క ఐదో తరగతిదే. నేర్పంతా ఏ అంకెని ఏ గడిలో వేస్తామన్న దాంట్లో ఉంది.

మా జూన్ నెల చూద్దాం. సులువుగా ఉంటుందని అంకెల్ని గుండ్రం చేశాను. ఫేస్‌బుక్ ఫారమ్ ప్రకటనలకి 60,000 పెడితే 600 లీడ్లు వచ్చాయి. సీపీఎల్ 100 రూపాయలు. గూగుల్ సెర్చ్‌కీ 60,000 పెట్టాం, వచ్చినవి 120. సీపీఎల్ 500. మీటింగులో ముందు ఈ రెండంకెలే తెర మీద వేయండి, పెద్ద అక్షరాల్లో. సార్ ముఖం వెలిగిపోతుంది. "వంద రూపాయలకే వస్తుంటే ఐదొందలెందుకు?" అంటారు. నిజమే కదా అన్నట్టు తల ఊపండి.

ఆ వంద రూపాయల లీడ్ ఎలా పుడుతుందో మాత్రం చెప్పకండి. ఫేస్‌బుక్ ఫారమ్‌లో పేరూ ఫోన్ నంబరూ ముందే నిండి ఉంటాయి. రీల్స్ తోసుకుంటూ పోయే బొటనవేలు రెండుమూడు సార్లు తగిలితే చాలు, మనకొక లీడ్. మా టెలికాలర్ అక్క ఫోన్ చేస్తే "ఏం కోర్సండీ, నేనెప్పుడు అడిగాను?" అనేవాళ్లే సగం మంది. గుంటూరు నుంచి ఒక పెద్దాయన "నాది మిర్చి వ్యాపారం తల్లీ, ఫోన్ మా మనవడి చేతిలో ఉండిపోయింది" అన్నారు. ఆయన్నీ లెక్కలో ఉంచండి. ఫారమ్ సెట్టింగుల్లో Higher intent అని ఒకటి ఉంటుంది. దాన్ని ఎంచుకుంటే పంపేముందు "మీ వివరాలు సరిచూసుకోండి" అంటూ ఇంకో పేజీ అడ్డొస్తుంది. తాతగారి మనవడు అక్కడే ఆగిపోతాడు, లీడ్లు తగ్గుతాయి, సీపీఎల్ పెరుగుతుంది. దాని జోలికి వెళ్లొద్దు. ఆ 600 నంబర్లకీ తలా మూడుసార్లు ఫోన్ చేసిన అక్క జీతాన్ని ఎప్పటిలాగే ఆఫీసు ఖర్చులో వేయండి. ఫేస్‌బుక్ ఖాతాలో వేశారో, దాని అందం చెడుతుంది.

ఇక సీపీఏ. ఆ 600 మందిలో చేరినవాళ్లు ఆరుగురు. 120 మందిలో చేరినవాళ్లు పదిహేను మంది. అంటే ఫేస్‌బుక్ సీపీఏ 10,000, గూగుల్‌ది 4,000. వంద, ఐదొందలు అని ఇందాక మురిసిపోయిన వరస ఇక్కడ తిరగబడింది. మామూలుగా ఈ కాలమ్‌ని దాచేయడమే మంచిది. కానీ సార్ ఏదో వీడియోలో చూసి సీపీఏ అడిగారనుకోండి, భయం లేదు. ఈ ఫార్ములా మిమ్మల్ని కాపాడుతుంది:

```
=IFERROR(B5/D5, 0)
```

ఐదో వరుస మా ఆటోలది. ఆటోల వెనక స్టిక్కర్లకి 20,000 పెట్టాం. పది ఫోన్లు వచ్చాయి, ఒక్కరూ చేరలేదు. ఇరవై వేలని సున్నాతో భాగిస్తే షీట్ #DIV/0! అని అరుస్తుంది. మీటింగులో అది కనిపిస్తే మర్యాదగా ఉండదు. పై ఫార్ములా దాని నోరు మూయించి, అక్కడ సున్నా పెడుతుంది. ఇప్పుడు సీపీఏ తక్కువ నుంచి ఎక్కువకి సార్ట్ చేయండి. ఒక్క అడ్మిషనూ తేని ఆటోలు, రూపాయి ఖర్చు లేకుండా అడ్మిషన్లు తెచ్చినట్టు అన్నిటికంటే పైకొచ్చి కూర్చుంటాయి. ఆ రోజు సార్ అన్న మాట నాకింకా గుర్తే: "ఆటోలు బావున్నాయే, వచ్చే నెల ఇంకో యాభైకి వేయించు." వేయించాను. ఆ గడిలో సున్నాకి బదులు ఇలా రాసి ఉంటే ఆ మాట అనేవారు కాదు, కానీ నన్ను ఇంకేదో అనేవారు:

```
=IF(D5=0, "ఎవరూ చేరలేదు", B5/D5)
```

అడుగున మొత్తం వరుస ఉంటుంది. మా నాలుగో ఛానలైన పాంప్లెట్లకి 30,000 పెడితే నలుగురు చేరారు, సీపీఏ 7,500. నాలుగు ఛానళ్ల సీపీఏలని కూడి నాలుగుతో భాగిస్తే, ఆటోల సున్నా పుణ్యమా అని, సగటు 5,375 వస్తుంది. అసలైతే మొత్తం ఖర్చు 1,70,000ని చేరిన పాతిక మందితో భాగించాలి, అప్పుడు 6,800. సగటుల సగటు తప్పని అకౌంటెంట్ అంటాడు. సీపీఏ దగ్గర అతని మాట వినొద్దు. రోయాస్ దగ్గరికొచ్చేసరికి మాత్రం తప్పకుండా వినండి, ఎందుకంటే అక్కడ సగటుల సగటు 2.18, మొత్తాన్ని మొత్తంతో భాగిస్తే 2.65. ఏది బావుంటే అది. ఒకే షీట్‌లో రెండు పద్ధతులేమిటని ఇంతవరకు ఎవరూ అడగలేదు, ఎవరూ గడి మీద నొక్కి ఫార్ములా చూడరు కాబట్టి.

రోయాస్‌కి ఫీజు కావాలి. మా కోర్సు ఫీజు 18,000. చేరిన ప్రతి మనిషికీ 18,000 వేసేయండి, కట్టాడా లేదా అని చూడకండి. ఫేస్‌బుక్ నుంచి వచ్చిన ఆరుగురిలో ఇద్దరు 5,000 రిజిస్ట్రేషన్ కట్టి, రెండు క్లాసులు విని మళ్లీ కనబడలేదు. రసీదు పుస్తకం ప్రకారం వచ్చింది 82,000, షీట్ ప్రకారం 1,08,000. రసీదు పుస్తకం మీటింగుకి రాదు. అందుచేత రోయాస్ 1.37 కాదు, 1.8. రూపాయికి రూపాయి ఎనభై పైసలు! చెబుతుంటేనే నోరూరుతుంది. ఫ్యాకల్టీ వాటా, ల్యాబు, అద్దె పోను ఒక్కో విద్యార్థి మీద మాకు మిగిలేది 9,000, ఫీజులో సగం. అంటే రోయాస్ 2 దాటితే తప్ప చేతికి పైసా రాదు. 1.8 దగ్గర, చేరినవాళ్లంతా ఫీజు పూర్తిగా కట్టారనుకున్నా, ఫేస్‌బుక్ మీద మాకు నికరంగా 6,000 నష్టం. ఆ 2 అనే గీత షీట్‌లో ఎక్కడా గీయకండి. ఒకటి కంటే ఎక్కువుంటే లాభమే అనుకునే అమాయకత్వం గదిలో ఉన్నంతకాలం మన ఉద్యోగానికి ఢోకా లేదు.

ఇంతవరకు చెప్పినవన్నీ చిల్లర విద్యలు. అసలు విద్య, ఎవరు చేరితే ఎవరి ఖాతాలో వేయాలన్నది. చేరినవాళ్ల నంబర్లు మేం ఫేస్‌బుక్‌కీ గూగుల్‌కీ పంపిస్తాం. ఫేస్‌బుక్ ఎవరూ మార్చకపోతే, ప్రకటన నొక్కిన ఏడు రోజుల్లో చేరినా, ఊరికే కళ్లబడిన ఒక్క రోజులో చేరినా తన ఘనతే అంటుంది. గూగుల్ నొక్కిన 30 రోజుల దాకా తనదే అంటుంది. జూన్‌లో ఫేస్‌బుక్ నేను 14 మందిని తెచ్చానంది, గూగుల్ 19 అంది. పాంప్లెట్ల నలుగుర్ని కలిపితే 37. రసీదులు పాతికే. మీటింగులో వాళ్లవాళ్ల డ్యాష్‌బోర్డులే చూపించండి, మొత్తం మాత్రం కూడకండి. పెళ్లి సంబంధం కుదిరాక నేనే చెప్పానంటూ పదిమంది పేరయ్యలు వచ్చినట్టుంటుంది, అయినా ఎవర్నీ కాదనకూడదు.

షీట్‌లో నేను రాసిన 6, 15 ఆ డ్యాష్‌బోర్డులవి కావు. చేరేముందు చివరగా ఏ లింకు నొక్కారో దాని ఖాతాలో వేసినవి. ఇది నిజాయితీ పద్ధతి అనుకునేవాణ్ణి. ఒక మధ్యాహ్నం ఖాళీగా ఉండి గూగుల్ యాడ్స్‌లో Search terms రిపోర్టు తెరిచాను. మీరు అలాంటి పని చేయకండి. ఆ పదిహేను మందిలో తొమ్మిది మంది టైప్ చేసింది కోర్సు పేరు కాదు, మా ఇన్‌స్టిట్యూట్ పేరే. మా పేరు తెలిసి, మాకోసమే వెతుకుతున్నవాళ్లకి మా ప్రకటన చూపించి, ఆ నొక్కుడికి డబ్బులు కట్టాం. ఆ తొమ్మిది మందికైన ఖర్చు 9,000, తలకి వెయ్యి. మిగతా 51,000 పెట్టి కోర్సు పేరుతో వెతికినవాళ్లలోంచి తెచ్చింది ఆరుగుర్ని. సీపీఏ 8,500, రోయాస్ 2.12. ఏ గీతైతే గీయొద్దన్నానో దానికి వెంట్రుకవాసి పైన. 4,000 అనే అందమైన సీపీఏ ఈ రెండిటి కలగూరగంప. వరుసని రెండుగా విడదీయొద్దు. విడదీస్తే మన షీట్‌లో హీరో ఉండడు.

మర్నాడు కౌంటర్ దగ్గర సూర్యాపేట కుర్రాడొకడు ఫీజు కడుతున్నాడు. మా రికార్డులో ఫేస్‌బుక్ ఫారమ్ నింపాడు, తర్వాత మా పేరు గూగుల్ చేసి ప్రకటన నొక్కాడు, చేతిలో డిస్కౌంట్ కోసం పాంప్లెట్ కూడా ఉంది. మూడు ఛానళ్లకీ ముద్దుబిడ్డ. ఉండబట్టలేక, మా గురించి ఎలా తెలిసిందని అడిగాను.

"మా రూమ్‌లో సీనియర్ ఇక్కడే చేసిండన్నా. జాబ్ వచ్చింది. పోయి చేరు అన్నడు" అన్నాడు.

ఆ సాయంత్రం సీనియర్ల కోసం ఒక వరుస చేర్చి చూశాను. ఖర్చు గడిలో వేయడానికేమీ లేదు, సున్నా వేశాను. అడ్మిషన్లు ఒకటి, ఫీజు 18,000. పద్దెనిమిది వేలని సున్నాతో భాగించాలి. ఫార్ములా పైనుంచి లాగిందే, IFERROR ఉండనే ఉంది. మా షీట్ ప్రకారం సీనియర్ల రోయాస్ సున్నా.