సగం మూత వైద్యం

తంబళ్లపల్లె నుంచి మదనపల్లె మార్కెట్‌కు టమోటా తీసుకుపోయిన రైతును కదిలించండి. కాటా ఎంత చూపింది, తరుగు పేరుతో ఎంత కోశారు, కిలోలతో సహా చెబుతాడు. అదే ఇంట్లో బిడ్డకు చెవిపోటు వస్తే కాటా అక్కర్లేదు. మందుల షాపులో వయసు చెబితే చాలు.

"ఎన్నేండ్లు మ్మా బిడ్డకి?"

"ఏడాదిన్నర, అన్నా."

"అయితే ఐదు ఎమ్మెల్, మూడు పూటలా పొయ్యి."

అయిపోయింది వైద్యం. ఏడాదిన్నర పిల్లల్లో 9 కిలోల వాళ్లూ ఉంటారు, 13 కిలోల వాళ్లూ ఉంటారు. మందుల షాపు బల్ల దగ్గర మాత్రం అందరూ ఐదు ఎమ్మెల్ పిల్లలే. బరువు తెలియదా అంటే, అంగన్‌వాడీలో తూచి పుస్తకంలో రాసే ఉంటారు. ఆ పుస్తకం ఇంట్లో బీరువా మీద భద్రంగా ఉంటుంది.

లెక్క ఒకసారి చేసి చూద్దాం. పాప బరువు 11 కిలోలు, రెండు చెవుల్లోనూ ఇన్ఫెక్షన్. డాక్టరు చెవిలోకి చూసి అమాక్సిసిలిన్ రాశారనుకోండి. చెవి ఇన్ఫెక్షన్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేదీ, 2013లో అమెరికా పిల్లల వైద్యుల సంఘం చెప్పిందీ ఒకటే మోతాదు: కిలోకు రోజుకు 80 నుంచి 90 మిల్లీగ్రాములు, రెండు పూటలుగా. అంటే ఈ పాపకు రోజుకు 880 నుంచి 990. పూటకు సుమారు 450 మిల్లీగ్రాములు. అంత ఎందుకంటే, చెవిపోటు తెచ్చే న్యుమోకాకస్ క్రిమిలో మామూలు మోతాదుకు లొంగని రకాలున్నాయి. పైగా కర్ణభేరి వెనకున్న చీములోకి మందు చేరాలి.

ఇప్పుడు షాపాయన లెక్క. డ్రై సిరప్‌లో రెండు బలాలు దొరుకుతాయి, 5 ఎమ్మెల్‌లో 125 మిల్లీగ్రాములది ఒకటి, 250ది ఇంకొకటి. డబ్బాలు అన్నదమ్ముల్లా ఉంటాయి. 125ది మూడు పూటలా ఐదేసి ఎమ్మెల్ పోస్తే రోజుకు 375 మిల్లీగ్రాములు. కావాల్సిన దాంట్లో సగం కూడా కాదు. 250 సీసా అయితే ఈ పాపకు పూటకు 9 ఎమ్మెల్, 125 అయితే 18. అందుకే ఎమ్మెల్ ఒక్కటే చెప్పే వైద్యం, ఊరి పేరు చెప్పకుండా బస్సు టికెట్ అడిగినట్టే. మిల్లీగ్రాములెన్ని, ఏ సీసా అని అడగండి. మోతాదు తేల్చేది మాత్రం డాక్టరే. మూత్రపిండాల జబ్బున్నా, పెన్సిలిన్ పడకపోయినా ఈ లెక్క వర్తించదు.

ఇక ఇంట్లో జరిగే కళ చూడాలి. పొడి సీసాను ముందు తట్టి గడ్డలు విడగొట్టాలి. కాచి చల్లార్చిన నీళ్లో, డబ్బాలో ఇచ్చిన నీళ్లో కొంచెం పోసి బాగా కుదిపి, నురుగు తగ్గాక గీత దాకా నింపాలి. మన వాళ్లు ఒకేసారి గీత దాకా పోసేస్తారు. పొడి తడిశాక మట్టం కిందికి దిగుతుంది. మళ్లీ నింపరు. కొందరు గీత దాటించి మెడ దాకా పోస్తారు, మందు ఎక్కువొస్తుందని. అడుగున పేరుకున్న మందును ప్రతి పూటా కుదపకపోతే మొదటి రోజు తియ్యటి నీళ్లు, చివరి రోజు చిక్కటి మందు. అమాక్సిసిలిన్ పూర్తిగా కరిగిపోదు, కుదిపినప్పుడే నీళ్లలో సమానంగా కలుస్తుంది.

కొలవడానికి స్టీలు చెంచా. ఒకరింటి చెంచాలో 3 ఎమ్మెల్ పడితే పక్కింటి చెంచాలో 7 పడుతుంది. పెద్దమ్మకు అదేం పట్టదు, "సగం మూత పొయ్యి, చాల్లే, వేడి చేస్తుంది" అంటుంది. ఆ మూత గోడలకే కొంత మందు అంటుకుంటుంది. సూది లేని 10 ఎమ్మెల్ సిరంజీ ఒకటి షాపులో అడిగితే ఇస్తారు. 250 సీసా అయితే పిస్టన్ పైఅంచును కళ్ల ఎదురుగా 9 గీతకు పెట్టి, బిడ్డను కూర్చోబెట్టి, బుగ్గ లోపలికి కొంచెం కొంచెంగా వదలాలి. గొంతులోకి సూటిగా చిమ్మితే పొలమారుతుంది. పాల సీసాలో కలిపితే, సగం పాలు మిగిలినప్పుడు మందెంత మిగిలిందో దేవుడికే ఎరుక.

ఎన్నాళ్లు పొయ్యాలి? రెండేళ్ల లోపు బిడ్డకు అమెరికా వాళ్లు 10 రోజులంటారు, ప్రపంచ ఆరోగ్య సంస్థ 5 అంటుంది. మన ఊళ్లో అంతకన్నా ఘనమైన ప్రమాణం ఉంది: సీసా. 30 ఎమ్మెల్ సీసా రోజుకు 15 చొప్పున సరిగ్గా రెండు రోజుల్లో అయిపోతుంది. అప్పటికి జ్వరం కాస్త తగ్గి ఉంటుంది కాబట్టి రోగమూ అయిపోయినట్టే లెక్క.

మూడో రోజు రాత్రి బిడ్డ మళ్లీ చెవి పట్టుకుని ఏడుస్తుంది. 48 నుంచి 72 గంటల్లో తగ్గకపోతే డాక్టరు మళ్లీ చూడాలి. చెవి వెనక వాచినా, బిడ్డ మత్తుగా పడున్నా అంతసేపు కూడా ఆగకూడదు. మన వాళ్లు అదే బల్ల దగ్గరికే పోయి "అన్నా, ఈ మందు పన్జెయ్యలా, ఇంకా స్ట్రాంగుది ఇయ్యి" అంటారు. ఆయన ఇస్తాడు, ఖరీదైనదే. దీన్ని కూడా సగం మూతే పొయ్యమంటుంది పెద్దమ్మ.