అరుగు మీద ముప్ఫై డిగ్రీలు

బాధితుడు అంటే ఈ వ్యాసం రాస్తున్న మనిషే. కానీ ఆ రాత్రి అతను చేసిన పనికి ‘నేను’ అని ఒప్పుకునే ధైర్యం అతనికి లేదు కాబట్టి బాధితుడనే పిలుద్దాం.

విజయవాడ సత్యనారాయణపురం, మే 17, రాత్రి ఒకటీ నలభై. ఏసీ తిరుగుతోంది, గాలీ వస్తోంది, చల్లదనం మాత్రం లేదు. రెండు వారాల కిందటే దానికి గ్యాస్ నింపించారు. బాధితుడు కాసేపు అరుగు మీద కూర్చుని, దోమలు తరిమితే లోపలికి వచ్చి, ఫోన్ తీసి ఆ ఏసీ షాపు మీద రివ్యూ రాయడం మొదలుపెట్టాడు. రెండున్నరకల్లా నాలుగు వందల మాటలైంది. “పచ్చి దొంగలు. గంటల తరబడి కాపు కాయించారు. గ్యాస్ నింపకుండానే నింపామని ఐదు వేలు దోచుకున్నారు. వంద సార్లు ఫోన్ చేసినా ఎత్తే నాథుడు లేడు. వీళ్ల ఏసీ కన్నా మా అరుగు చల్లగా ఉంది.” ఆశ్చర్యార్థకాలు ఇక్కడ తీసేశాం, అవి కూడా వేస్తే ఈ పేజీ చాలదు.

పంపేలోపే నిద్ర పట్టేయడం షాపువాడి అదృష్టమో, బాధితుడి అదృష్టమో.

పొద్దున కాఫీ దగ్గర అదంతా భార్యకు చదివి వినిపించాడు. ఆవిడ పాతికేళ్లు బ్యాంకు కౌంటర్లో కూర్చుని రిటైరైన మనిషి. రూపాయి తేడా వస్తే ఇంటికి వెళ్లని రోజులు చూసింది.

“ఐదు వేలెక్కడివండీ? బిల్లు తెండి.”

బిల్లు ఫ్రిజ్ మీద మాగాయ జాడీ కింద దొరికింది. సర్వీసు 600, గ్యాస్ 2,800, మొత్తం 3,400. మిగతా పదహారు వందలు అర్ధరాత్రి వడ్డీ.

“వంద ఫోన్లు?”

ఫోన్లో లెక్క చూశారు. ఆరు. అందులో నాలుగు మెకానిక్ సొంత నంబరుకి. షాపుకి చేసినవి రెండే. మొదటిది 15న, ఎత్తారు, రేపు పంపిస్తామన్నారు. రెండోది 17న, ఎత్తలేదు. ఇక ‘గంటల తరబడి’ అన్నది యాభై నిమిషాలు. పైగా ట్రాఫిక్‌లో ఉన్నానని ఆ అబ్బాయి ముందే మెసేజ్ పెట్టాడు. బాధితుడు దానికి బొటనవేలు బొమ్మ కూడా పంపాడు.

అసలు చిక్కు గ్యాస్ దగ్గర వచ్చింది. “నింపకుండానే నింపానన్నాడు అని రాశారు. మరి పది రోజులు దుప్పటి కప్పుకుని పడుకున్నారు కదా, ఎలా చల్లబడిందంటారు?” అందావిడ. బాధితుడి దగ్గర జవాబు లేదు. ఆ ఒక్క ప్రశ్నతో రాతలో అన్నిటికన్నా పెద్ద ఆరోపణ కూలిపోయింది. విచిత్రమేమిటంటే, అది కూలిన చోటే అసలు ఫిర్యాదు బయటపడింది.

ఏసీలో గ్యాస్ స్కూటర్లో పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న రాగి గొట్టాల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. ఏ లోపమూ లేకపోతే ఏళ్ల తరబడి అంతే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతోందన్నమాట. గొట్టాలను యూనిట్‌కు బిగించే నట్ల దగ్గరో, తుప్పు పట్టిన కాయిల్ దగ్గరో చిన్న సందు ఉంటుంది. అది వెతకడానికి గొట్టాల్లో నైట్రోజన్ ఎక్కించి, అతుకుల మీద సబ్బు నురగ రాస్తారు. బుడగ లేచిన చోట లీకు. ఆ సందు మూయకుండా గ్యాస్ నింపడం అంటే చిల్లు కుండలో నీళ్లు పోయడమే. కుండ నిండుతుంది, కాసేపు. ఇక్కడ ఆ కాసేపు పది రోజులు.

కాబట్టి దొంగతనం జరిగిందని బాధితుడు చెప్పలేడు. ఆ అబ్బాయికి తెలియక వదిలేశాడా, తొందరలో మరిచాడా, మళ్లీ బేరం తగులుతుందని ఊరుకున్నాడా, అది అతని మనసులోని సంగతి. బాధితుడు కళ్లారా చూసింది ఒక్కటే: లీకు ఎక్కడుందో ఎవరూ చెప్పలేదు, బిల్లులోనూ రాయలేదు. ఆ అబ్బాయి పనిచేస్తున్నంతసేపూ బాధితుడు పక్కనే నిలబడి ఉచిత సలహాలిస్తూనే ఉన్నాడు కాబట్టి, ఈ సాక్ష్యానికి తిరుగులేదు.

పక్కింటి లాయరుగారు ‘దొంగలు’ అన్న మాట మీద వేలు పెట్టి ఇంకో మాట కలిపారు. పరువునష్టం ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్. పాత శిక్షాస్మృతిలో 499. ఆ కేసులో నిజమే రాశానంటే సరిపోదట, అది బయటపెట్టడం ప్రజలకు మంచిదని కూడా చూపాలట. ‘లీకు చెప్పకుండా గ్యాస్ నింపారు’ అన్నది నలుగురికీ పనికొచ్చే ముక్క. ‘పచ్చి దొంగలు’ వల్ల ఎవరి గదీ చల్లబడదు. డబ్బు వెనక్కి కావాలంటే దారి వేరే ఉందని, వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరు కూడా ఆయనే రాసిచ్చారు.

దిద్దుబాటులో ఒక వాక్యం దగ్గర మాత్రం బాధితుడు మొండికేశాడు. అరుగు వాక్యం తీయడానికి ఒప్పుకోలేదు.

“అది ఉపమానం” అన్నాడు.

“చల్లగా ఉందని కొలిచారా?” అందావిడ.

18 రాత్రి కొలిచారు. వాళ్ల గోడ గడియారానికి కింద ఒక థర్మామీటరు ఉంది. ఏసీని 24 మీద పెట్టి, తలుపులు మూసి, గంట తరువాత చూస్తే గదిలో 31. ఆపైన గడియారాన్ని గోడ నుంచి దించి, అరుగు మీదికి తెచ్చి, అరగంట కాపలా కూర్చున్నాడు. గడియారం పాడైందా అని ఎదురింటాయన అడిగాడు. లేదండీ, రివ్యూ రాస్తున్నానన్నాడు బాధితుడు. ఆయన ఇంకేమీ అడగకుండా లోపలికెళ్లి తలుపేసుకున్నాడు. అరుగు మీద 30.

19 ఉదయం పంపిన రివ్యూ ఇది:

“మే 3న మా ఒకటిన్నర టన్నుల స్ప్లిట్ ఏసీకి సర్వీసు చేయించాం. మెకానిక్ 50 నిమిషాలు ఆలస్యంగా వచ్చారు, ముందే మెసేజ్ పెట్టారు. ఫిల్టర్లు, కాయిల్ శుభ్రంగా కడిగారు. గ్యాస్ తగ్గిందని నింపారు. మొత్తం 3,400 రూపాయలు (సర్వీసు 600, గ్యాస్ 2,800). లీకు ఎక్కడుందో చెప్పలేదు, బిల్లులోనూ లేదు. పది రోజులు బాగా చల్లబడింది, 14 నుంచి లేదు. 18 రాత్రి 24 మీద గంట నడిపితే గదిలో 31 డిగ్రీలు, బయట అరుగు మీద 30. బిల్లు మీద 30 రోజుల వారంటీ ఉంది. 15న షాపుకి ఫోన్ చేస్తే మర్నాడు పంపిస్తామన్నారు. ఈ ఉదయం వరకు ఎవరూ రాలేదు. గ్యాస్ నింపించుకునేవారు లీకు ఎక్కడో ముందు అడగండి.”

మెకానిక్ పేరు రాయలేదు. బిల్లు ఫొటో జత చేశాడు, తన ఫోన్ నంబరు, ఇంటి చిరునామా కనపడకుండా. చుక్కలు ఒకటా రెండా అని అరగంట తగవు జరిగింది. కాయిల్ కడిగినందుకు ఒకటి ఎక్కువ వెయ్యాల్సిందేనని ఆవిడ తీర్పు.

మర్నాడు మధ్యాహ్నం షాపు నుంచి వేరే ఆయన వచ్చాడు. సిలిండరు కన్నా ముందు సబ్బు నీళ్ల సీసా బయటికి తీశాడు. బయటి యూనిట్ దగ్గర ఒక నట్టు మీద బుడగలు వరసగా లేచాయి. గొట్టం చివర కోసి, కొత్తగా అంచు విప్పి బిగించాడు. గొట్టాల్లో గాలి, తేమ పోయేదాకా వాక్యూమ్ పంపు పెట్టాడు. ఆపైన స్టిక్కరు మీద రాసిన గ్రాముల లెక్క చూసి, సిలిండరును కాటా మీద పెట్టి గ్యాస్ ఎక్కించాడు. డబ్బు తీసుకోలేదు. బాధితుడు పాత రివ్యూ చెరపకుండా దాని కిందే తేదీ వేసి ఈ సంగతీ రాశాడు; మూడో చుక్క పెట్టాడు.

వాక్యూమ్ పంపు నడుస్తున్నంతసేపూ ఆ మెకానిక్‌కి పనేమీ లేదు. చెమట తుడుచుకుంటూ అటూ ఇటూ చూసి, “ఆ అరుగేదండీ?” అని అడిగి, వెళ్లి దాని మీద కూర్చున్నాడు.