బడికి పోయింది బిడ్డా? నాయకుడా?

నంద్యాలలో బస్సెక్కి ఆళ్లగడ్డలో దిగితే మొదట పలకరించింది మా మిత్రుడి ఫ్లెక్సీ. కూతురు ఒకటో తరగతిలో చేరిన శుభసందర్భమట! పైన ఆరుగురు నాయకులు నవ్వుతున్నారు. కింద మిత్రబృందం, అందులో నన్నడక్కుండానే నా మొహమూ ఉంది. పిల్లేదిరా అని వెతికితే మూలన తపాలా బిళ్లంత బొమ్మ, అదీ ఏడుస్తూ.

ఇక వాట్సాప్ గ్రూపులో "కాబోయే కలెక్టరమ్మకు కంగ్రాట్స్" అని ఒకటే మోత. కలెక్టరమ్మకు ఏ చెప్పు ఏ కాలిదో ఇంకా తెలీదు.

అక్షరాభ్యాసం మాత్రం పద్ధతిగానే చేశారు. కొలను భారతికి తీసుకుపోయి, పళ్లెంలో బియ్యం పోసి, వేలు పట్టి ఓంకారం దిద్దించారు. మరచింది ఆ తర్వాతి ముచ్చట. వెనక పిల్లను బడిలో వేస్తే అయ్యవారికి తాంబూలం, తోటి పిల్లలకు పలకా బలపం, పప్పూ బెల్లం పంచేవాళ్లు. ఇందులో గొప్ప కిటుకుంది. బెల్లం తిన్న పిల్లలు కొత్త పిల్లను పక్కన కూర్చోబెట్టుకునేవాళ్లు, ఏడుపు సగం అక్కడే తగ్గేది. ఫ్లెక్సీని ఎవరు నాకుతారు?

"అభినందనలు అబ్బయ్యా, వదినకూ చెప్పు" అని, అరకిలో బెల్లం, వేయించిన పప్పుల పొట్లం చేతిలో పెట్టినా. "రేపు బడికి పంపు."

బుజ్జమ్మా, నీ పలక మీది వంకర 'అ'ను తుడపొద్దు తల్లీ, దాన్ని చూడ్డానికే ఈ చిన్నాయన మళ్లీ బస్సెక్కుతాడు.