చుక్క నూనె లేకుండా

మా మామయ్య చాలా ఏళ్ళు కొల్లేటి పక్కన చేపల చెరువులు చేశాడు. నీళ్ళలో ఆక్సిజన్ ఎంత, మేత ఎంత, ఏ పూట ఎంత తిన్నాయి అని పుస్తకంలో రాసుకున్న చెయ్యి అది. ఇప్పుడు చెరువులు లీజుకిచ్చేసి వట్లూరులో ఇల్లు కట్టుకున్నాడు. మేడమీది గదుల్లో ఇంజినీరింగ్ కాలేజీ కుర్రాళ్ళు అద్దెకుంటారు. నిరుడు ఏలూరులో రక్తపరీక్ష చేయిస్తే కొలెస్ట్రాల్ ఎక్కువుందని తేలింది. డాక్టరు నూనె తగ్గించమన్నాడు. ఆ సంగతి విన్న కూతురు హైదరాబాదు నుంచి ఎయిర్ ఫ్రయ్యర్ పంపించింది.

మొదట్లో దానికి పెత్తనం అత్తయ్యదే. కోడి రెక్కలకు పెరుగు, అల్లం వెల్లుల్లి ముద్ద, నిమ్మరసం, కారం పట్టించి, బుట్ట నిండా పోసి, నూట ఎనభైలో పెట్టింది. పైన మసాలా మాడింది, కింద నీళ్ళు ఊరాయి, చర్మం సాగింది. "మూకుట్లో నూనె పోస్తే పావుగంటలో అయిపోయేదానికి ఈ పెట్టె ఎందుకండీ?" అని ఆవిడ దాన్ని అటక ఎక్కించబోయింది. అప్పుడు మామయ్య కొత్త పుస్తకం తీశాడు.

నేను వెళ్ళేసరికి ఆ పుస్తకం సగం నిండింది. ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికల్లా నన్ను చికెన్ కొట్టుకు లాక్కెళ్ళాడు.

"ఇక్కడే సగం మంది ఓడిపోతారు, అల్లుడూ," అన్నాడు దారిలో. "మన కొట్లలో అడక్కపోతే కోడిని చర్మంతో సహా ఒలిచేస్తాడు. రెక్కల మీద తోలు లేకపోతే కరకరలాడేదేముంది? ఒట్టి మాంసం ఎండిపోతుందంతే. అందుకని కత్తి పెట్టకముందే చెప్పాలి. వేడినీళ్ళలో ముంచి ఈకలు పీకినది, స్కిన్‌తో కావాలని."

కొట్టతను నవ్వి, "మీరొక్కరేనండీ స్కిన్ కావాలనేది," అంటూ రెండు కిలోల రెక్కలు తూచాడు. పక్కన ప్లాస్టిక్ డ్రమ్ములో మిగతా కోళ్ళ తోళ్ళు పోగుపడి ఉన్నాయి. అవి ఎక్కడికి పోతాయో మా మామయ్యకు తెలుసు. కోళ్ళ వ్యర్థాలు చేపల చెరువుల్లో వేయకూడదని నిషేధం ఉన్నా, చీకటి పడ్డాక చెరువుల వైపు ఆటోలు కదులుతూనే ఉంటాయి. "తొందరగా బలుస్తాయని వేస్తారు. నేను మాత్రం ఏనాడూ వెయ్యలేదు. ఆ కొవ్వు చేపకీ మంచిది కాదు, తిన్నవాడికీ మంచిది కాదు," అన్నాడు గర్వంగా, రెక్కల సంచీ చేతికి తగిలించుకుంటూ.

ఆ రెక్కలు ఆ పూట వండటానికి కాదు. మధ్యాహ్నం వండేవి నిన్న రాత్రి సిద్ధం చేసినవి. ఇవి రేపటికి, మేడమీది కుర్రాళ్ళకు. వాళ్ళు ఆయన చేతి రెక్కలు రుచి మరిగి వారానికి మూడుసార్లు డబ్బులిచ్చి మరీ చేయించుకుంటున్నారు.

ఇంటికొచ్చాక ఒక్కో రెక్కను కీళ్ళ దగ్గర రెండుగా కోసి, కొనలు తీసేసి, పాత నూలుగుడ్డతో మడతల్లోకి వేలు పెట్టి మరీ తుడిచాడు. "శత్రువు నూనె లేకపోవడం కాదురా, నీళ్ళు. చర్మం మీద తడి ఉన్నంతసేపూ వేడి ఆ తడిని ఆవిరి చెయ్యడానికే సరిపోతుంది. అక్కడ వేడి నూరు దాటదు. నూరు దాటందే రంగు రాదు. మీ అత్త పట్టించిన పెరుగూ నిమ్మకాయా అంతా నీళ్ళే."

తుడిచిన రెక్కలకు కిలోకు ఒకటిన్నర చెంచాల ఉప్పు, తలకొట్టిన రెండు చెంచాల బేకింగ్ పౌడర్ చల్లి, పొడిపొడిగా కలిపాడు. వంటసోడా డబ్బాను మాత్రం ఆ దరిదాపుల్లో ఉండనివ్వలేదు. ఒకసారి పొరబాటున అది పడితే సబ్బు నమిలినట్టుందట. బేకింగ్ పౌడర్‌లో సోడాతో పాటు దాన్ని విరిచే పులుపు కూడా ఉంటుంది కాబట్టి రుచి చెడదు. చర్మానికి కొద్దిగా క్షారగుణం వస్తుంది, అందుకే ఎర్రగా కాలడం సులువవుతుంది. పుట్టే సన్నటి బుడగలకు చర్మం పైన గరుకుదేరుతుంది. ఆ గరుకే పంటికింద కరకర.

తరవాత వాటిని జల్లితట్ట మీద ఒకదానికొకటి తగలకుండా పరిచి, మూత లేకుండా ఫ్రిజ్ అడుగు అరలో పెట్టాడు. పచ్చిమాంసం బొట్లు మరే తిండి మీదా పడకూడదని ఆ అర. ఫ్రిజ్‌లోని పొడిగాలి రాత్రంతా చర్మాన్ని ఆరబెడుతుంది. పక్కనే నిన్నటి తట్ట ఉంది. అందులోంచి ఒక రెక్క తీసి నా చేతికిచ్చాడు. చర్మం తడి లేకుండా, బిగుసుకుని, కాగితంలా ఉంది. "వేలికి అంటుకుందా? అంటుకోకపోతే సిద్ధమన్నమాట."

మధ్యాహ్నం ప్రదర్శన మొదలైంది. పెట్టెను ముందు అయిదు నిమిషాలు ఉత్తిగా వేడెక్కించాడు. రెక్కలు ఒకే వరసలో, మధ్యన వేలు దూరేంత సందుతో పేర్చాడు. బుట్టలో ఇంకా చోటుంది కదా, పైన ఇంకొన్ని వెయ్యమన్నాను.

"చెరువులో చేప కిక్కిరిస్తే ఏమవుతుంది? గాలాడక పైకి తేలుతుంది. ఇదీ అంతే. పేరులో ఫ్రై ఉంది గానీ లోపల వేపుడేం లేదు. పైన వేడి తీగ, దాని మీద ఫ్యాను. ఆ వేడిగాలి ప్రతి రెక్క చుట్టూ తిరగాలి. ఒకదాని మీద ఒకటి పడితే తగిలిన చోటల్లా ఉడుకుతుంది."

మొదట నూట ఎనభై డిగ్రీల్లో పన్నెండు నిమిషాలు. ఇది రంగు కోసం కాదు, చర్మం కిందనున్న కొవ్వు కరగడానికి. మొదలే రెండు వందల్లో పెడితే పైన తొందరగా ఎర్రబడి, కింద కొవ్వు కరక్కుండానే ఉండిపోతుంది. చల్లారగానే ఆ కొవ్వే చర్మాన్ని మెత్తబరుస్తుంది. అందుకే చర్మం ఎక్కువున్న వైపు ముందు కిందికి పెడతాడు. పన్నెండో నిమిషంలో పట్టకారుతో ఒక్కొక్కటే తిప్పి, ఆ వైపును పైకి, వేడి తీగకు ఎదురుగా తెస్తాడు. అంతకన్నా ముందు తిప్పితే చర్మం బుట్టకు అంటుకుని చిరుగుతుంది. లాగకుండా తనంతట తాను వదిలితేనే తిప్పే వేళయినట్టు. ఆ తరవాత రెండు వందల డిగ్రీల్లో ఎనిమిది నుంచి పది నిమిషాలు.

తిప్పేటప్పుడే ఆయన మరో పని చేశాడు. బుట్ట పైకెత్తి, కింది గిన్నెలో పేరిన కొవ్వును స్టీలు గిన్నెలోకి వంచాడు. పసుప్పచ్చగా, నిగనిగలాడుతూ దిగింది. "ఇది అడుగున ఉండగా రెండు వందలకు పోతే పొగొస్తుంది, ఇల్లంతా మాడువాసన. చూశావా, చుక్క నూనె పోయకుండా ఎంత దిగిందో! ఇదంతా మన ఒంట్లోకి పోయేదే." వంటింట్లోకి కేక వేశాడు. "ఇదిగో, ఇది పారబొయ్యి. తూములో మాత్రం పోయకు. చల్లబడితే పేరుకుంటుంది, గొట్టం పూడుతుంది."

అత్తయ్య ఏమీ అనకుండా వచ్చి గిన్నె తీసుకుపోయింది.

చివర్లో మామయ్య బుట్టను ఊపితే రెక్కలు గలగలమన్నాయి. ఆ శబ్దం రాకపోతే ఇంకో రెండు నిమిషాలు. లావుపాటి ముక్కలోకి ఎముకకు తగలకుండా థర్మామీటరు గుచ్చితే ఎనభై ఏడు చూపించింది. "డెబ్బై నాలుగు దాటితే తినడానికి భయం లేదు. కానీ రెక్కలో కీళ్ళూ జిగురూ ఎక్కువ. ఎనభై అయిదు దాటితేనే అది కరిగి మాంసం ఎముకను వదుల్తుంది." అప్పుడు గానీ కారం, మిరియాల పొడి, వేయించిన జీలకర్ర పొడి చల్లలేదు. ముందే వేస్తే రెండు వందల్లో కారం మాడి చేదెక్కుతుంది. హాట్ బాక్సులో పెట్టనివ్వలేదు, వాటి ఆవిరికే అవి మెత్తబడతాయని. నిమ్మచెక్క ఎవరి కంచంలో వాళ్ళే పిండుకోవాలి.

నిజం చెప్పాలంటే ఏ హోటల్లోనూ అలాంటి రెక్క తినలేదు. పంటికింద పటపట విరిగింది, లోపల దూదిలా ఊడింది. దాని పక్కన అన్నంలోకి బెండకాయ వేపుడు, మామిడికాయ పప్పు. వేపుడు మరీ కమ్మగా ఉంది.

"ఏం అత్తయ్యా, ఇది కూడా ఆ పెట్టెలోనేనా?" అన్నాను.

"కాదు నాయనా, మూకుట్లోనే," అంది ముక్తసరిగా.

"దానికి చేయి తిరిగిందిలే," మామయ్య అందుకున్నాడు. "ఈ ఇంట్లో సన్‌ఫ్లవర్ ప్యాకెట్ తెంచి నాలుగు నెలలైంది. ఇదివరకు నెలకు నాలుగు లీటర్లు అయ్యేది. కావాలంటే కిరాణా పద్దు చూసుకో. నూనె లేకుండా వేపుడు ఇంత రుచిగా చెయ్యడం ఈ జిల్లాలో మీ అత్త ఒక్కదానికే తెలుసు."

చేతులు కడుక్కుంటుండగా ఆయన ఫోను మోగింది. ముందురోజు ఇచ్చిన రక్తపరీక్ష రిపోర్టు వచ్చింది. కళ్ళజోడు దొరక్క నా చేతికిచ్చాడు. "చదువు, గట్టిగా చదువు. మీ అత్త కూడా వినాలి."

చదివాను. ఎల్‌డీఎల్ తగ్గకపోగా నిరుటికన్నా బాగా పెరిగింది. ల్యాబు తప్పన్నాడు మామయ్య. నేను లేదన్నాను. ఫోను లాక్కుని తనే దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూశాడు. ముఖం జేవురించింది.

"ఇదెలా కుదురుతుంది? నాలుగు నెలలుగా ఈ ఇంట్లో చుక్క నూనె కొన్నామా? నువ్వు చెప్పవే, కొన్నామా?"

"కొనలేదండీ," అంది అత్తయ్య, గట్టు మీదనుంచి మూతపెట్టిన పెద్ద నెయ్యి జాడీ దించుతూ. "కొనాల్సిన పనేముంది?"

జాడీ మూత తీసింది. పసుప్పచ్చగా, నిగనిగలాడుతూ, అంచు దాకా ఉంది.

"తూములో పోస్తే గొట్టం పూడుతుందని మీరే అన్నారుగా. అందుకే పోపులో పోశాను."