చీలమండ పంచాయితీ

అలిపిరి మెట్లు దిగతా ఒకరి కాలు లోపలికి మడత పడిందంటే చాలు, అంతవరకూ గోవింద కొట్టినోళ్లంతా ఎముకల డాక్టర్లయిపోతారు. "వేళ్లు ఆడిస్తా ఉండాడు గదబ్బా, ఇరగలే" అని ఒకాయన తీర్పు. "అంత వాచినాక ఇరగకుండా ఎట్లుంటాది?" అని ఒకామె అప్పీలు. మూడో ఆయన పుత్తూరు బస్సు టైము చెప్తాడు. నాలుగో ఆయనకు ఎక్స్‌రే సెంటరులో బామ్మర్ది ఉంటాడు.

వేళ్లను లాగే పెద్ద కండరాలు పిక్క దగ్గరుంటాయి. చీలమండ విరిగినా వేళ్లు ఆడతాయి. వాపుకైతే పక్షపాతమే లేదు, లిగమెంటు తెగినా ఎముక విరిగినా ఒకేలా వస్తుంది.

కెనడాలోని ఒట్టావాలో ఇయాన్ స్టీల్ బృందం ఈ గొడవకు 1992లోనే ఒక పద్ధతి ప్రకటించింది. పైసా ఖర్చు లేనిది కాబట్టి మనకు నచ్చలేదు. పడిన వెంటనే గానీ, తర్వాత డాక్టరు ముందు గానీ నాలుగడుగులు వేయగలిగాడా? కుంటినా లెక్కే. తర్వాత బొటనవేలితో చీలమండ బయటి బుడిపె కొన నుంచి వెనక అంచు వెంబడి 6 సెంటీమీటర్లు పైదాకా ఎముకను నొక్కాలి. లోపలి బుడిపెకూ అంతే. నొప్పి పాదం మధ్యలో ఉంటే చిటికెనవేలి వైపు అంచున పొడుచుకొచ్చిన ఎముకనూ, లోపలి వైపు పాదం వంపు పైనుండే ఎముకనూ చూడాలి. నడవలేకపోయినా, వీటిలో ఏ ఒక్కచోట ఎముక మీద నొక్కితే నొప్పి పుట్టినా ఎక్స్‌రే తీయాల్సిందే. రెండూ లేకుంటే విరిగి ఉండే అవకాశం చాలా తక్కువ.

మన మెట్ల భక్తుణ్ణే చూడండి. కుంటుతా నాలుగడుగులు వేశాడు. బుడిపె వెనక నొక్కితే పలకలేదు. బుడిపెకు ముందు, కాస్త కిందుగా మెత్తటిచోట వేలు పెట్టగానే "అమ్మా" అన్నాడు. అక్కడుండేది లిగమెంటు. బెణుకే. ఎక్స్‌రే అక్కర్లేదు. ఆకుపసరు కట్టు కట్టించుకుంటే కొన్ని వారాల్లో తగ్గుతుంది, కట్టించుకోకున్నా తగ్గేదే. కీర్తి మాత్రం కట్టుకే.

అదే మెట్ల మీద జారిన ఇంకొకాయన, "నడిచే దిగొచ్చినా, నాకేంది?" అని మీసం దువ్వుతున్నాడు. బయటి బుడిపె వెనక అంచున నొక్కితే మీసం జారిపోయింది. ఎక్స్‌రే తీయించుకోవాల్సింది ఈయన. నాలుగడుగులు వేసినంత మాత్రాన ఎముక అతికినట్టు కాదు.

అయితే ఈ పరీక్ష నొప్పి చెప్పగలిగేవాడికే. మందేసినవాడి "ఏం లేదన్నా" చెల్లదు. పాదం వంకర తిరిగినా, చల్లబడి రంగు మారినా నొక్కుడు లేదు, నడకా లేదు, నేరుగా ఆసుపత్రికే. ఇంక ఏళ్ల తరబడి షుగరుతో కాళ్లు మొద్దుబారిన పెద్దాయన, నొక్కితే నవ్వుతా, "చూడండబ్బా, నాకేం నొప్పే లేదు" అంటాడు. గుంపంతా చప్పట్లు కొడుతుంది. ముందు ఆటో ఎక్కించాల్సింది ఆయన్నే.