ఎల్ అనగా 42

ఎల్ సైజుకి ఛాతీ 42 అంగుళాలని పట్టికలో రాశారు. నా ఛాతీ 40. కుర్తా తల మీంచి దిగింది, చంకల దగ్గర ఆగింది, ఊపిరి బిగబట్టి లాగితే ఇంకాస్త దిగి అక్కడే స్థిరపడిపోయింది. తీయడానికి మా ఆవిడ ఒక చెయ్యీ, మా అబ్బాయి ఇంకో చెయ్యీ పట్టుకోవాల్సి వచ్చింది. బాచుపల్లిలో మా బావమరిది గృహప్రవేశానికి పోయినేడాది చొక్కాతోనే వెళ్ళాను. అక్కడందరూ మాడ్యులర్ కిచెన్‌ని చూశారు గాని నన్నెవరూ చూడలేదు కాబట్టి పరువుకేమీ నష్టం లేదు. కానీ ఆ 42 మాత్రం నన్ను వదలడం లేదు. జేఎన్టీయూ దగ్గర సిగ్నల్ పడితే ముందున్న ఆటో నంబరులో కూడా అదే కనిపిస్తోంది.

అమ్మినవాళ్ళది పెద్ద కంపెనీ కాదు. ఫోన్లో ఫొటోలు పెట్టి, వాట్సాప్‌లో ఆర్డరు తీసుకుని, కొరియర్లో పంపే చిన్న వ్యాపారం. ప్రగతి నగర్లో మా అపార్ట్‌మెంట్లోనే అలాంటివి కొన్ని నడుస్తున్నాయి. సాయంత్రమైతే లిఫ్టులో మనుషుల కంటే పార్సిళ్ళకే చోటు ఎక్కువ. వాళ్ళందరి నియమమూ ఒకటే: సైజు ఇష్యూకి ఎక్స్‌చేంజ్ లేదు, డ్యామేజీ అయితేనే మార్పు, అదీ అన్‌బాక్సింగ్ వీడియో ఉంటేనే. వీడియో తీశాం. కత్తెర, కవరు, కుర్తా, నా మొహంలో ఆనందం, అన్నీ ఉన్నాయి అందులో. అంగుళాలే లేవు.

"మీరు రాస్తే గొడవవుతుంది, నేను రాస్తానుండండి" అని మా ఆవిడ ఫోను అందుకుంది. "నమస్తే అండీ. కుర్తా చాలా బాగుంది, క్లాత్ సూపర్. మావారు ఈమధ్య కాస్త ఒళ్ళు చేశారు, అందుకని టైటయింది. ఏమీ అనుకోకుండా ఎక్సెల్ పంపగలరా ప్లీజ్." మర్యాదకి ఏమీ లోటు లేదు. మర్యాదంతా వాళ్ళకి, ఒళ్ళంతా నాకు. పంపకముందే లాక్కున్నాను.

నేను రాద్దామని కూర్చుంటే మొదటి పదం దగ్గరే బండి ఆగిపోయింది. ఎవరని సంబోధించాలి? ఆ పేజీలో మనిషి పేరుండదు. కొట్టు పేరు, దాని పక్కన రెండు తామరపూలు, ఒక దీపం. మాట్లాడేది ఆడో మగో తెలీదు. "మేడమ్" అందామా, అవతల మీసాలాయన ఉంటే మొదటి వాక్యంలోనే ఎక్స్‌చేంజ్ పోయినట్టే. "సర్" అందామా, వ్యాపారం మొత్తం నడిపేది ఒక్కతే ఆడమనిషైతే ఇంకా ప్రమాదం. "అన్నా" అనడం ఈ నగరంలో అలవాటే గాని, కృష్ణా జిల్లా నుంచి వచ్చి నిజాంపేట రోడ్డులో స్థిరపడిన పెద్దాయనకి ఆ "అన్నా" చెవిలో ఎలా పడుతుందో చెప్పలేం. "అమ్మా" అంటే చిన్నపిల్లయినా పెద్దావిడైనా సరిపోతుందిగా అన్నాడు కింది ఫ్లాటు రిటైర్డు మేష్టారు. నిజమే, కానీ డబ్బు వెనక్కి అడిగే మాట ముందు "అమ్మా" పెడితే గుమ్మంలో నిలబడి అడుక్కుంటున్నట్టుంటుంది. మా అబ్బాయి "బ్రో అని పెట్టు నాన్నా, ఆడాళ్ళకి కూడా బ్రో యే" అన్నాడు. వాణ్ణి చదువుకోమన్నాను. ఇంతకీ అవతలివాళ్ళకి ఈ బాధ ఎప్పుడూ లేదు. ఆర్డరు పెట్టిన రోజు నుంచీ నన్ను "డియర్" అంటూనే ఉన్నారు. ఒకసారి "సిస్" అన్నారు. నలభై ఎనిమిదేళ్ళ మగమనిషిని, మగవాళ్ళ కుర్తా కొన్నవాణ్ణి, "థాంక్యూ సిస్" అన్నారు. నేను ఏమీ అనలేదు. పైగా లవ్ సింబల్ పెట్టారు. దానికీ ఏమీ అనలేదు. ఇంత సహించినవాడికి ఒక కుర్తా మార్చివ్వలేరా?

చివరికి "అండీ" అని మాత్రం పెట్టి, అసలు సంగతిలోకి దిగాను.

అసలు సంగతేమిటంటే, 42 అంగుళాలు అన్నారు గాని అది దేని 42 అని పట్టికలో లేదు. మనిషి ఛాతీయా, కుర్తా ఛాతీయా? ఈ రెండూ ఒకటి కావు. కుర్తా సుఖంగా ఉండాలంటే ఒంటి కొలత కంటే గుడ్డ రెండు నుంచి నాలుగు అంగుళాలు వదులుండాలి. 42 అనేది ఒంటి కొలతైతే గుడ్డ 44 దాకా ఉండాలి, నేను హాయిగా ఈదులాడాలి. గుడ్డ కొలతే అనుకున్నా, నా 40 మీద రెండంగుళాలు మిగలాలి. ఏ రకంగా చూసినా నాకు పట్టాలి. కాబట్టి ఇక నన్ను కొలవడం దండగ, కుర్తాని కొలవాలి.

దానికీ ఒక పద్ధతుంది. మంచం మీద పరిస్తే పరుపు లోపలికి కుంగి లెక్క తప్పుతుంది. అందుకని డైనింగ్ టేబుల్ మీద పరిచి, గుండీలు పెట్టి, ముడతలు చేత్తో సర్ది, లాగకుండా, చంక కుట్టుకి అంగుళం కింద ఈ అంచు నుంచి ఆ అంచు దాకా టేపు పెట్టాలి. వచ్చినదాన్ని రెండింతలు చేస్తే చుట్టుకొలత. పందొమ్మిది ముప్పావు వచ్చింది. అంటే ముప్పై తొమ్మిదిన్నర. నా ఒంటి కంటే అర అంగుళం తక్కువ. కుట్టుపనిలో అర అంగుళం, పోనీ ఒక అంగుళం అటూ ఇటూ కావడం మామూలే. బోలెడు పొరలు గుడ్డ ఒకదానిమీదొకటి పేర్చి మిషను కత్తితో ఒకేసారి కోస్తారు గనక పై పొరకీ అడుగు పొరకీ కాస్త తేడా వస్తుంది. రెండున్నర అంగుళాల తేడా మాత్రం కత్తి జారితే వచ్చేది కాదు.

లేబుల్ మారిందేమోనని భుజం, పొడుగు కూడా కొలిచాను. ఎమ్‌కి ఎల్ లేబుల్ కుట్టి ఉంటే అవి కూడా ఎమ్ వరసతో కలవాలి. కలవలేదు, భుజం పద్దెనిమిదీ పొడుగు నలభై రెండూ ఎల్ వరసలో ఉన్నట్టే ఉన్నాయి. ఛాతీ ఒక్కటే తక్కువ. అంటే మనిషిని సన్నగా చూపించే స్లిమ్ ఫిట్ కటింగుకి, ఎప్పటిదో వదులు కుర్తా పట్టికని తెచ్చి అంటించారు. అదే పట్టిక వాళ్ళ పేజీలో షేర్వానీ కిందా ఉంది, పిల్లల చొక్కా కిందా ఉంది.

పోనీ కుట్లు విప్పి వదులు చేయిద్దామని సెల్లార్లో మిషను పెట్టుకున్న ఆల్టరేషన్ టైలరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన లోపల తిప్పి చూసి "గుడ్డ ఎక్కడ వదిలిండ్రు సార్, మొత్తం కోసి ఓవర్‌లాక్ కొట్టిండ్రు. బిగించాలంటే ఎంతైనా బిగిస్త, వదులు చేయాలంటే కాదు" అన్నాడు. అర అంగుళం గుడ్డ మిగుల్చుకోవడం కోసం నన్ను ఇంత ఇరకాటంలో పెట్టారు.

కొలతలు మనవి కాకపోవడం అనేది పాత కథ. అమెరికాలో 1939, 40ల్లో వ్యవసాయ శాఖవాళ్ళు దాదాపు పదిహేను వేలమంది ఆడవాళ్ళని ఒక్కొక్కరికి 59 కొలతల చొప్పున కొలిచారు. మొత్తం కొలిచాక తెల్లవాళ్ళు కాని వాళ్ళ లెక్కలు పక్కన పడేశారు. మన కొలతలు తీయడానికి నిఫ్ట్‌వాళ్ళు ఇండియాసైజ్ అని మొదలుపెట్టి, హైదరాబాదుతో కలిపి ఆరు నగరాల్లో పాతికవేలమందిని త్రీడీ స్కానర్లతో కొలుస్తామన్నారు. వాళ్ళ హైదరాబాదు కాలేజీ మాదాపూర్‌లోనే, నేను రోజూ ఆఫీసుకెళ్ళే దారిలోనే. నన్నెవరూ ఆపి కొలవలేదు.

నన్ను ఆఖరిసారి సరిగ్గా కొలిచింది తెనాలిలో మా టైలరు. ఆయన దగ్గర ఊరందరి కొలతలూ ఒక పొడుగాటి నోటుపుస్తకంలో ఉండేవి. ఒక సంక్రాంతికి నాన్నగారి చొక్కా కొలిచి, ఆయన అటు వెళ్ళగానే నన్ను పక్కకి పిలిచి, "బాబూ, పోయిన పండక్కీ ఇప్పటికీ నాన్నగారు మూడంగుళాలు తగ్గారు. నేను చొక్కా వదులుగానే కుడతాను, ఆయనకి తెలీకుండా. నువ్వు మాత్రం ఒకసారి డాక్టరుకి చూపించు" అన్నాడు. ఇంట్లో రోజూ చూస్తున్న మాకెవరికీ కనపడలేదు అది. చూపించాం. అప్పటికే ఆలస్యమైంది. ఆ చొక్కా ఆయనకి బాగానే పట్టింది.

సరే, మెసేజ్. రాసేముందు తెలుసుకున్న ముక్క ఒకటి ఉంది. ఈ-కామర్స్ నియమాలని కేంద్రం 2020లో తెచ్చింది. ప్రకటనలో చెప్పిన లక్షణాలు వస్తువులో లేకపోతే వెనక్కి తీసుకోనని ఆన్‌లైన్లో అమ్మేవాళ్ళు అనకూడదు. "నాకు పట్టలేదు" అనేదానికి మాత్రం అందులో చోటు లేదు. మా ఆవిడ రాసిన మర్యాదలో ఉన్న గోతి అదే: ఒళ్ళు చేశారన్న మరుక్షణం అది సైజు ఇష్యూ అయిపోయి, తప్పు నా అన్నంపళ్ళెం మీదకి వచ్చేస్తుంది. కాబట్టి ఉత్తరంలోకి నా ఒంటిని రానివ్వలేదు. ఫిర్యాదు నంబరు 1915 కూడా దగ్గర పెట్టుకున్నాను గాని, మొదటి మెసేజ్‌లోనే దాన్ని చూపించడం పెళ్ళిచూపుల్లో లాయరుని కూర్చోబెట్టినట్టుంటుందని ఆగాను.

"నమస్తే అండీ. కుర్తా అందింది, గుడ్డ బాగుంది. మీ పట్టికలో ఎల్‌కి ఛాతీ 42 అని ఉంది. వచ్చినదాన్ని టేబుల్ మీద పరిచి కొలిస్తే 19.75, అంటే చుట్టుకొలత 39.5. భుజం, పొడుగు పట్టికలో ఉన్నట్టే ఉన్నాయి. టేపు పెట్టి తీసిన ఫొటో పంపుతున్నాను. ట్యాగు తీయలేదు, ఉతకలేదు. ఇదే రంగులో పరిచి కొలిస్తే 21 అంగుళాలకి తగ్గకుండా వచ్చేది ఉంటే, ఏ సైజైనా సరే, దాంతో మార్చగలరు. పంపేముందు టేపుతో ఫొటో పెడితే సంతోషం. లేకపోతే డబ్బు వాపసు చేసినా సరే."

రెండు నీలం టిక్కులు వచ్చాయి. తర్వాత చాలాసేపు టైపింగ్, టైపింగ్ అని కనిపించింది. అంత టైపింగు తర్వాత వచ్చింది ఒకే ముక్క: "ఓకే డియర్, ఎక్సెల్ పంపుతాం, కొరియర్ చార్జీలు రెండువైపులా మీవే." పట్టిక వాళ్ళది, చార్జీలు నావి ఎలా అవుతాయని మర్యాదగా అడిగాను. వెళ్ళేది నేను, వచ్చేది వాళ్ళు అన్న దగ్గర రాజీ కుదిరింది. ఎక్సెల్ వచ్చింది. కొలిస్తే నలభై రెండు.

ఆ పట్టిక సరిచేస్తే బాగుంటుందని ఇంకో మెసేజ్ కూడా పెట్టాను. దానికి బొటనవేలు ఒకటి వచ్చింది. నిన్న చూస్తే ఎల్ పక్కన 42 అలాగే ఉంది. దాని కింద ఎవరో "సైజులు కరెక్టేనా అండీ?" అని అడిగితే, "పర్ఫెక్ట్ సిస్" అని జవాబిచ్చారు. అడిగినాయన ఫొటోలో గుబురు గడ్డం ఉంది.